మూడు ఆదేశాల లెక్క, ఏడు ఆదేశాల లెక్క

ఒకే లెక్కను ఒక కంప్యూటర్ మూడు ఆదేశాల్లో ముగిస్తుంది. ఇంకొకటి ఐదు తీసుకుంటుంది, మరొకటి ఏడు, వేరొకటి ఎనిమిది. మూడింటితో ముగించినదే చురుకైనదని ఎవరికైనా అనిపిస్తుంది. అయితే ఆ మూడు ఆదేశాల కోసం ప్రాసెసర్ మెమరీని తొమ్మిదిసార్లు తాకాలి. ఏడు ఆదేశాలు తీసుకున్నది ఏడుసార్లు తాకితే చాలు. ప్రాసెసర్ లోపల కూడిక ఎంత వేగంగా జరిగినా, సంఖ్యలు మెమరీలో ఉంటే అవి వచ్చేదాకా అది ఎదురుచూడాలి. అందుకే ఆదేశాలు ఎన్ని అన్నదానితో పాటు మెమరీని ఎన్నిసార్లు తాకాయన్నదీ లెక్కపెట్టాలి. ఈ రెండు లెక్కలూ చాలాసార్లు ఒక దారిన నడవవు. ఎందుకు నడవవో ఒక్క చిన్న సూత్రంతో చూద్దాం.

```
X = (A - B) * (C + D)
```

A విలువ 12, B విలువ 5, C విలువ 6, D విలువ 4 అనుకుందాం. మొదటి బ్రాకెట్ 7, రెండోది 10, జవాబు 70. ఈ నాలుగు సంఖ్యలూ మెమరీలో నాలుగు చోట్ల ఉన్నాయి. జవాబు X అనే చోటికి చేరాలి. మెమరీలోంచి ఒక సంఖ్యను చదివినా, మెమరీలో ఒక సంఖ్యను రాసినా దాన్ని ఒక మెమరీ రిఫరెన్స్ కింద లెక్కవేద్దాం. ఆదేశాన్ని తెచ్చుకోవడానికి కూడా మెమరీకి వెళ్లాలి కదా అంటారా, నిజమే. దాని సంగతి కాసేపాగి చూద్దాం.

ప్రాసెసర్‌కు ఇచ్చే ప్రతి ఆదేశంలో రెండు విషయాలుంటాయి. ఏం చెయ్యాలన్నది ఒకటి, దాన్ని ఆప్‌కోడ్ అంటారు. ఏ సంఖ్యల మీద చెయ్యాలి, ఫలితం ఎక్కడ పెట్టాలి అన్నది రెండోది. ఆ రెండోదాన్ని చిరునామాలతో చెబుతారు. ఒక తీసివేతకు సహజంగా మూడు చిరునామాలు కావాలి: దేనిలోంచి, దేన్ని తీసేయాలి, మిగిలినదాన్ని ఎక్కడ ఉంచాలి. తొలినాటి ఎడ్‌వాక్ యంత్రంలో నాలుగో చిరునామా కూడా ఉండేది. తర్వాతి ఆదేశం ఎక్కడుందో అది చెప్పేది. ఆదేశాలను వరుసగా పేర్చి, వరుసలో ఎక్కడిదాకా వచ్చామో ప్రోగ్రామ్ కౌంటర్ గుర్తుపెట్టుకునే పద్ధతిలో ఆ నాలుగోదాని అవసరం లేదు. మిగిలిన మూడింటిలో ఎన్నింటిని ఆదేశంలో రాయాలి, ఎన్నింటిని చెప్పకుండానే ప్రాసెసర్ అర్థం చేసుకోవాలి? మూడు, రెండు, ఒకటి, సున్నా చిరునామాల పద్ధతులు ఈ ప్రశ్నకు వచ్చిన నాలుగు జవాబులు.

మూడూ రాసే పద్ధతి చదవడానికి అన్నిటికంటే హాయిగా ఉంటుంది. ఫలితం వెళ్లే చోటును ముందు రాద్దాం.

```
SUB T, A, B
ADD X, C, D
MUL X, T, X
```

T అనేది మధ్యలో వచ్చిన ఫలితాన్ని దాచుకోవడానికి మెమరీలో కేటాయించుకున్న తాత్కాలిక చోటు. మొదటి ఆదేశం A, B లను చదివి 7ను Tలో రాస్తుంది. రెండోది C, D లను చదివి 10ని Xలో పెడుతుంది. X ఎలాగూ జవాబు కోసం ఉన్నదే కాబట్టి రెండో తాత్కాలిక చోటు అక్కర్లేకుండా దాన్నే వాడుకున్నాం. మూడోది T, X లను చదివి, హెచ్చవేసి, 70ని Xలో రాస్తుంది. ఒక్కో ఆదేశానికి రెండు చదవడాలు, ఒక రాయడం. మూడు ఆదేశాలకు మొత్తం తొమ్మిది రిఫరెన్స్‌లు.

ఈ తొమ్మిదిలో నాలుగు వృథా ప్రయాణాలు. 7ను మెమరీలో రాసి, వెంటనే మళ్లీ అక్కడినుంచే తెచ్చుకున్నాం. 10 విషయంలోనూ అంతే. ఈ లెక్కకు నిజంగా తప్పనివి ఐదే: నాలుగు సంఖ్యలను ఒక్కోసారి చదవడం, జవాబును ఒకసారి రాయడం. ఈ ఐదును గుర్తుపెట్టుకోండి. ఏ పద్ధతి గుణదోషాలనైనా దీనితోనే కొలవచ్చు.

రెండు చిరునామాల పద్ధతిలో ఫలితం పెట్టే చోటును విడిగా చెప్పరు. మొదట రాసిన చిరునామాలోనే, అక్కడున్న పాత విలువను చెరిపేసి, ఫలితాన్ని ఉంచుతారు. 1970లో డిజిటల్ ఎక్విప్‌మెంట్ కార్పొరేషన్ తెచ్చిన పీడీపీ-11 ఈ కోవకు చెందినది. కూడిక, తీసివేతల్లో రెండు చిరునామాలూ మెమరీవే అయినా అది ఒప్పుకునేది.

```
MOV T, A
SUB T, B
MOV X, C
ADD X, D
MUL X, T
```

ఆదేశాలు ఐదు. MOV అంటే ఒకచోటి విలువను ఇంకోచోట నకలు పెట్టడం. ఒక చదవడం, ఒక రాయడం, మొత్తం రెండు. మిగతా మూడు ఆదేశాలకు ఒక్కోదానికి మూడు చొప్పున తొమ్మిది. రెండు MOVలకు కలిపి నాలుగు. మొత్తం పదమూడు. చిరునామాను కుదించి ఆదేశాన్ని పొట్టిగా చేశాం కానీ మెమరీ రాకపోకలు పెరిగాయి. నకళ్లు తీసుకోవాల్సి రావడమే దానికి కారణం.

ఆ నకళ్లు ఎందుకు, నేరుగా `SUB A, B` అని రాస్తే సరిపోదా అని చాలామంది విద్యార్థులు అడుగుతారు. రాయవచ్చు. తర్వాత `ADD C, D`, `MUL A, C`, చివర `MOV X, A`. నాలుగే ఆదేశాలు, జవాబు 70 సరిగ్గా వస్తుంది. తప్పు రెండోసారి బయటపడుతుంది. ఈ సూత్రం ఒక లూప్‌లో ఉందనుకోండి. మొదటి చుట్టు పూర్తయ్యేసరికి Aలో 12కు బదులు 70, Cలో 6కు బదులు 10 ఉంటాయి. రెండో చుట్టులో 70 లోంచి 5 పోతే 65, 10కి 4 కలిపితే 14, హెచ్చవేస్తే 910. మొదటిసారి సరిగా వచ్చి, ఇన్‌పుట్ మారకపోయినా రెండోసారి వేరే జవాబు వచ్చిందంటే ముందుగా అనుమానించాల్సింది దీన్నే. ఎక్కడో అసలు విలువ మీదే ఫలితం పడి, అసలు విలువ చెరిగిపోయింది.

వ్యాక్స్ యంత్రాన్ని 1977లో తెచ్చినప్పుడు అదే సంస్థ ఈ ఇబ్బందికి చక్కని పరిష్కారం చూపింది. అందులో కూడికకే రెండు రూపాలుండేవి. `ADDL2` రెండు చిరునామాలతో పనిచేస్తుంది, `ADDL3` మూడింటితో. పాత విలువ ఇక అక్కర్లేనిచోట పొట్టిది, కావాల్సినచోట పొడుగుది. ఎంచుకోవడం కంపైలర్ పని. నా దృష్టిలో రెండు చిరునామాల పద్ధతికి ఇంతకంటే నిజాయితీగల సవరణ లేదు.

ఒక చిరునామా పద్ధతి ఇంకో అడుగు ముందుకు వేస్తుంది. ప్రాసెసర్ లోపల అక్యుములేటర్ అనే ప్రత్యేకమైన చోటు ఒకటి ఉంటుంది. ఒక సంఖ్య ఎప్పుడూ అందులోనే ఉందని, ఫలితం కూడా అందులోకే వస్తుందని ముందే ఒప్పందం. కాబట్టి ఆదేశంలో రెండో సంఖ్య చిరునామా ఒక్కటే రాస్తారు. 1949లో కేంబ్రిడ్జిలో మారిస్ విల్క్స్ బృందం నడిపించిన ఎడ్‌శాక్‌లో ఆదేశానికి ఒక్క చిరునామాయే. మన పాలిటెక్నిక్, ఇంజనీరింగ్ ల్యాబుల్లో తరాలుగా నేర్పిన 8085లోనూ లెక్కంతా అక్యుములేటర్ చుట్టూనే తిరుగుతుంది.

```
LOAD A
SUB B
STORE T
LOAD C
ADD D
MUL T
STORE X
```

ఏడు ఆదేశాలు, ఒక్కోదానికి ఒక్క రిఫరెన్స్, మొత్తం ఏడు. తప్పనిసరి ఐదుకు రెండే ఎక్కువ. ఆ రెండూ Tవి: 7ను అక్కడ దాచడం ఒకటి, మళ్లీ తెచ్చుకోవడం ఒకటి. `STORE T` మరిచిపోతే `LOAD C` వచ్చి 7ను చెరిపేస్తుంది. చివర `MUL T` అన్నప్పుడు Tలో అంతకుముందు ఏ చెత్త ఉంటే దానితో 10ని హెచ్చవేస్తుంది. జవాబు ఒక్కో రోజు ఒక్కోలా వస్తుంది.

ఈ పద్ధతిలో ఏ బ్రాకెట్‌ను ముందు చెయ్యాలన్నదీ ముఖ్యమే. హెచ్చవేతలో అటూ ఇటూ అయినా ఫరవాలేదు. అదే (A − B)ని (C + D)తో భాగించాలనుకోండి. ఎడమ బ్రాకెట్ ముందు చేస్తే, కుడిది పూర్తయ్యేసరికి అక్యుములేటర్‌లో భాజకం కూర్చుని ఉంటుంది. అక్కడ ఉండాల్సింది భాజ్యం. అప్పుడు దాన్ని ఇంకో తాత్కాలిక చోటుకు పంపి, మొదటిదాన్ని వెనక్కి తెచ్చుకుని భాగించాలి. ఏడు ఆదేశాలు తొమ్మిదవుతాయి. కుడి బ్రాకెట్‌ను ముందు చేసి Tలో పెట్టుకుంటే మళ్లీ ఏడే. మంచి కంపైలర్ కుడివైపునుంచి మొదలుపెట్టడం వెనుక ఇంత సంగతి ఉంది.

ఇక సున్నా చిరునామాలు. ఇక్కడ కూడు, తీసేయ్, హెచ్చవెయ్ అనడమే తప్ప దేన్ని అని చెప్పరు. సంఖ్యలు స్టాక్‌లో, పళ్లాల దొంతరలా ఒకదానిమీద ఒకటి ఉంటాయి. ఏ పని చెప్పినా పైనున్న రెంటినీ తీసి, ఫలితాన్ని తిరిగి పైన పెట్టాలి. పోలెండ్ తర్కశాస్త్రవేత్త యాన్ లుకసియేవిచ్ 1920లలో బ్రాకెట్ల అవసరం లేని రాతపద్ధతిని రూపొందించాడు. దాన్ని తిరగేస్తే, సంఖ్యలు ముందు, చెయ్యాల్సిన పని తర్వాత వస్తాయి. మన సూత్రం `A B - C D + *` అవుతుంది. ఎడమనుంచి కుడికి చదువుతూ పోతే అదే ప్రోగ్రామ్.

```
PUSH A
PUSH B
SUB
PUSH C
PUSH D
ADD
MUL
POP X
```

ఎనిమిది ఆదేశాలు. PUSH, POP లలో ఒక చిరునామా కనిపిస్తూనే ఉంది; అది లేకుండా మెమరీలోని సంఖ్యను స్టాక్ మీదికి ఎక్కించలేం. సున్నా అన్న పేరు లెక్కచేసే ఆదేశాలకే వర్తిస్తుంది. తీసివేతలో వరుస చాలా ముఖ్యం. పైనున్నదాన్ని దాని కిందున్న దానిలోంచి తీసేయాలి. పొరపాటున Bని ముందు ఎక్కిస్తే A − B బదులు B − A అయి, జవాబు −70 వస్తుంది. అంకెలన్నీ సరిగ్గా ఉండి గుర్తు మాత్రం తారుమారైతే కారణం ఇదే.

మెమరీ రిఫరెన్స్‌లు ఎన్ని అన్నదానికి ఇక్కడ ఒక్క జవాబు లేదు. స్టాక్ ఎక్కడుంది అన్నదాన్నిబట్టి మారుతుంది. స్టాక్ మొత్తం మెమరీలోనే ఉంటే ఒక PUSHకు Aని చదవడం, స్టాక్‌లో రాయడం, రెండు. నాలుగు PUSHలకు ఎనిమిది. లెక్కచేసే మూడు ఆదేశాలకు మూడేసి చొప్పున తొమ్మిది. POPకు రెండు. మొత్తం పందొమ్మిది, అన్నిటికంటే అధ్వానం. అదే స్టాక్ ప్రాసెసర్ లోపలి రిజిస్టర్లలో ఉంటే నాలుగు PUSHలకు నాలుగు, POPకు ఒకటి, మొత్తం ఐదు. అంతకు తక్కువ సాధ్యం కాదు. ఒకే పద్ధతి, ఒకే ప్రోగ్రామ్, అటు పందొమ్మిది, ఇటు ఐదు.

రెండు నిజమైన యంత్రాలు ఈ తేడాను చక్కగా చూపిస్తాయి. 1960ల తొలినాళ్లలో బ్రిటన్‌లో ఇంగ్లిష్ ఎలక్ట్రిక్ సంస్థ చేసిన కేడీఎఫ్9లో లెక్కల స్టాక్‌కు పదహారు రిజిస్టర్లు ఇచ్చారు. మన సూత్రంలో స్టాక్ మీద ఒకేసారి ఉండే సంఖ్యలు మూడుకు మించవు, కాబట్టి అలాంటి ఏర్పాటులో రిఫరెన్స్‌లు ఐదే. అమెరికాలో రాబర్ట్ బార్టన్ ఆలోచనలతో బరోస్ సంస్థ 1961లో ప్రకటించిన బీ5000లో స్టాక్ పైభాగానికి రెండే రిజిస్టర్లు, మిగతాదంతా మెమరీలో. అలాంటి ఏర్పాటులో మన ప్రోగ్రామ్‌ను నడిపి చూద్దాం. 12, 5 ఎక్కాయి. తీసివేతతో 7 మిగిలింది. 6 ఎక్కింది, రెండు రిజిస్టర్లూ నిండాయి. 4 ఎక్కాలంటే అడుగునున్న 7ను యంత్రమే మెమరీకి పంపాలి. కూడిక అయ్యాక హెచ్చవేత కోసం ఆ 7ను మళ్లీ తెచ్చుకోవాలి. ఐదుకు రెండు కలిసి ఏడు. అక్యుములేటర్ పద్ధతిలో వచ్చిందీ ఏడే. అక్కడ `STORE T` అని ప్రోగ్రామర్ రాశాడు, ఇక్కడ ఎవరూ రాయకుండానే యంత్రం ఆ పని చేసింది. మధ్య ఫలితాన్ని దాచుకోవడానికి లోపల చోటు లేకపోతే ఏ పద్ధతైనా దాన్ని బయటికి పంపక తప్పదు.

ఇప్పుడు ఆదేశాలను తెచ్చుకునే ఖర్చుకు వద్దాం. ఆప్‌కోడ్‌కు ఒక బైట్, ఒక్కో చిరునామాకు రెండు బైట్లు, ఒక్కో సంఖ్యకు రెండు బైట్లు అనుకుందాం. మూడు చిరునామాల ఆదేశం ఏడు బైట్లు, అలాంటివి మూడు, మొత్తం 21. రెండు చిరునామాలది ఐదు బైట్లు, ఐదు ఆదేశాలకు 25. ఒక చిరునామాది మూడు బైట్లు, ఏడు ఆదేశాలకు 21. స్టాక్‌లో చిరునామా ఉన్న ఐదు ఆదేశాలకు 15, లేని మూడింటికి 3, మొత్తం 18. చూశారా, మూడు ఆదేశాల ప్రోగ్రామ్, ఏడు ఆదేశాల ప్రోగ్రామ్ మెమరీలో సరిగ్గా ఒకే చోటును ఆక్రమించాయి. ఎనిమిది ఆదేశాలది అన్నిటికంటే చిన్నదైంది. ఆదేశాల సంఖ్యను మాత్రమే చూస్తే ఈ సంగతి తెలియనే తెలియదు.

సంఖ్యల రాకపోకలను కూడా బైట్లలోకి మార్చి దీనికి కలిపితే మూడు చిరునామాల పద్ధతికి 39 బైట్లు, రెండింటిదానికి 51, ఒకదానికి 35. స్టాక్ మెమరీలో ఉంటే 56, రిజిస్టర్లలో ఉంటే 28. ఈ అంకెలు నేను అనుకున్న కొలతలకే వర్తిస్తాయి. చిరునామా నాలుగు బైట్లయితే పొడుగు ఆదేశాలకు ఇంకా దెబ్బ తగులుతుంది; సంఖ్యలు ఎనిమిది బైట్లయితే మధ్య ఫలితాలను మెమరీకి తిప్పే పద్ధతులు ఎక్కువ నష్టపోతాయి. నేటి ప్రాసెసర్లలో మెమరీకీ ప్రాసెసర్‌కీ నడుమ క్యాష్ ఉంటుంది కాబట్టి ప్రతి రిఫరెన్స్‌కూ ఒకే సమయం పట్టదు. కనుక ఇది రాకపోకల లెక్కే, సెకన్ల లెక్క కాదు.

సూత్రం ఆకారం మారితే కూడా ఫలితాలు మారిపోతాయి. కరెంటు బిల్లును శ్లాబులు పక్కనపెట్టి తీసుకుందాం: ఈ నెల రీడింగ్ లోంచి పోయిన నెల రీడింగ్ తీసేసి, యూనిట్ రేటుతో హెచ్చవేసి, స్థిర ఛార్జీ కలపాలి. అంటే `X = (A - B) * C + D`. ఇందులో ఒక ఫలితం తిన్నగా తర్వాతి మెట్టులోకి వెళ్తుంది, పక్కన దాచాల్సింది ఏదీ లేదు.

```
LOAD A
SUB B
MUL C
ADD D
STORE X
```

ఐదు ఆదేశాలు, ఐదు రిఫరెన్స్‌లు. అక్యుములేటర్ ఒక్కటే ఉన్న యంత్రం ఇక్కడ ఏ లోటూ లేకుండా పనిచేసింది. మూడు చిరునామాల యంత్రానికి ఇక్కడా మూడు ఆదేశాలు, తొమ్మిది రిఫరెన్స్‌లే. స్టాక్‌కు అవే ఎనిమిది ఆదేశాలు. రెండు బ్రాకెట్లను విడివిడిగా చేసి కలపాల్సి వచ్చినప్పుడే అక్యుములేటర్‌కు ఇబ్బంది. ఒక్క ఉదాహరణ చూసి ఫలానా పద్ధతి గొప్పది అనేవాళ్లు ఈ సంగతిని వదిలేస్తున్నారు.

మరి నేటి ప్రాసెసర్లు దేన్ని ఎంచుకున్నాయి? ఫోన్లలోని ఏఆర్‌ఎం ప్రాసెసర్లు మూడు చిరునామాలను ఎంచుకున్నాయి, అయితే అవి మెమరీ చిరునామాలు కావు, రిజిస్టర్ల నంబర్లు. లెక్కలు రిజిస్టర్ల మధ్యే జరుగుతాయి. మెమరీని తాకేది LOAD, STORE మాత్రమే. మన మొదటి సూత్రానికి నాలుగు LOADలు, ఒక తీసివేత, ఒక కూడిక, ఒక హెచ్చవేత, ఒక STORE. ఎనిమిది ఆదేశాలు, ఐదు రిఫరెన్స్‌లు. ఆదేశాల్లో మూడు నుంచి ఎనిమిదికి పెరగడానికి ఒప్పుకుని, రాకపోకల్లో తొమ్మిది నుంచి ఐదుకు దిగారు. ముప్పై రెండు రిజిస్టర్లుంటే ఒక్కోదాని నంబరుకు ఐదు బిట్లు చాలు. మూడు నంబర్లకు కలిపి పదిహేను బిట్లే కాబట్టి 32 బిట్ల ఆదేశంలో అవి హాయిగా ఇమిడిపోతాయి. పాత మూడు చిరునామాల పద్ధతిని బరువెక్కించిన పొడవైన చిరునామాలు దీనితో తొలగిపోయాయి.

స్టాక్ పద్ధతీ కనుమరుగు కాలేదు. జావా ప్రోగ్రామ్‌ను కంపైల్ చేస్తే వచ్చే బైట్‌కోడ్ స్టాక్ యంత్రం కోసం రాసినదే. నాలుగు పూర్ణాంకాలు తీసుకునే ఒక స్టాటిక్ మెథడ్‌లో మన సూత్రాన్ని రాసి, `javap -c`తో చూస్తే మొదట కనిపించే ఎనిమిది వరుసలివి:

```
iload_0
iload_1
isub
iload_2
iload_3
iadd
imul
istore 4
```

పైన మనం రాసుకున్న PUSH, POP ప్రోగ్రామే ఇది, ఒక్క మెట్టూ తేడా లేదు. చివరిదానికి రెండు బైట్లు, మిగతావాటికి ఒక్కొక్కటి, మొత్తం తొమ్మిది బైట్లు.

కంప్యూటర్ ఆర్గనైజేషన్ పరీక్ష రాసే విద్యార్థులకు, ప్రశ్నపత్రం తయారుచేసే అధ్యాపకులకు ఒక మాట. స్టాక్ మెమరీలో ఉందా రిజిస్టర్లలో ఉందా, ఆదేశాన్ని తెచ్చుకోవడాన్ని కలిపారా లేదా, చిరునామాలు మెమరీవా రిజిస్టర్లవా అన్న మూడూ చెప్పకుండా మెమరీ రిఫరెన్స్‌ల ప్రశ్నకు సరైన జవాబు ఉండదు. అడిగేవాళ్లు ఆ మూడూ ప్రశ్నలోనే ఇవ్వండి. ఇవ్వకపోతే, రాసేవాళ్లు జవాబు మొదటి వరుసలోనే వాటిని రాసి, ఆ తర్వాతే లెక్క మొదలుపెట్టండి.